నీళ్లు తాగని పొత్తిగుడ్డలు

చాకలి లచ్చమ్మ మా శిశుగృహంలో సాధించిన మొదటి విజయం పసిబిడ్డలకు కట్టే మూడు డజన్ల పొత్తిగుడ్డలకు నీళ్లు తాగడం నేర్పడం. అది 1944 ఫిబ్రవరి. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ దగ్గరుండి చూసినవాణ్ణి నేను.

నా సంగతి రెండు మాటల్లో చెప్పి పక్కకు తప్పుకుంటాను. నా పేరు ఏసురత్నం. కృష్ణా కాలువల పక్క పల్లెలో, వీధి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. లాలాగూడ రైల్వే కాలనీకి ఆవల ఉన్న మా శిశుగృహంలో ఇరవై రెండేళ్లుగా స్టోరు తాళాలు నా మొలనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్క చెంచా పోలేదు. మా చర్చి సంఘంలో పదకొండేళ్లుగా పెద్దను. గర్వపడడానికి నాకు కారణాలు ఉన్నాయి కనుకనే పడతాను. ఇప్పుడు రాసేది మాత్రం నా గొప్ప కాదు, లచ్చమ్మది.

ఆ ఏడు మాకు దానంగా కొత్త మిల్లు గుడ్డ తాను వచ్చింది. తెల్లటి, దిట్టమైన మార్కీను. నేనే కొలిచి కత్తిరించి, అంచులు కుట్టించాను. మొదటి గుడ్డ కట్టిన పది నిమిషాలకే పక్కంతా తడి, గుడ్డ మాత్రం పొడి! నీళ్లు దాని మీద తామరాకు మీద లాగా దొర్లిపోయాయి. పెద్ద నర్సు కాంతమణి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికి లచ్చమ్మ మా దగ్గర చేరి వారమైంది. అంతకుముందు పెనిమిటితో కలిసి సైన్యం గుడారాలు ఉతికిన, నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన చేతులు, ముంజేతికి ఒక్కటే వెండి కడియం. గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"కొత్త బట్టకు మిల్లుల గంజి, కొవ్వు పట్టిస్తరు సారు. అది పోయేదాంక గిది బట్ట కాదు, తోలు," అంది.

జిడ్డు తీసే చౌడుమట్టిని నీళ్లలో కలిపి, మట్టి అడుక్కి దిగాక పైతేట మాత్రం వంచుకుంది. గుడ్డల్ని ఆ తేటలో నానబెట్టి, నీళ్లు పోసిన చాకిబాన మీద చుట్టలుగా పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బ వేసింది. తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా ఆవిరి ఆ గుడ్డల్లోంచి పైకి వచ్చింది. తర్వాత బండకేసి బాదింది, ఎండేసింది. మూడు రోజులకు ఒక విడత, అట్లా మూడు విడతలు. తొమ్మిదో రోజు కాంతమణి ముందు ఒక గుడ్డ పరిచి, వేలితో ఒక నీటిబొట్టు వేసింది. బొట్టు పడ్డచోటే మాయమైంది. కాంతమణి ఇంకో బొట్టు తానే వేసి చూసుకుంది. అదీ పోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ గుడ్డకైనా అదే పరీక్ష. బొట్టు నిలిచిందా, గుడ్డ బానకు తిరిగి పోవలసిందే.

ఆమె సాధించినవి ఇంకా ఉన్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డ వేసే నల్లటి జిగురు మలం మరక వదలదని అందరూ ఆశ వదులుకుంటారు. లచ్చమ్మ వదులుకోలేదు. ఏ మరకకైనా ముందు చన్నీళ్లే అనేది. వేణ్ణీళ్లు తగిలితే మలం, పాలు, నెత్తురు గుడ్డలోనే ఉడికిపోయి కూర్చుంటాయట. చన్నీళ్లలో పిండి, సబ్బు రుద్ది, తడిగా ఉండగానే గడ్డి మీద పరిచేది. పాలు తాగే బిడ్డల పసుపుపచ్చ మరకల్ని ఎండే తినేసేది. వానాకాలంలో సూర్యుడు కనబడనప్పుడు మాత్రం, "మొగుని మీద అలిగినా బువ్వ దొరుకుతది, సూర్యుని మీద అలిగితే తెల్లబట్ట దొరకది," అని ఆకాశం వంక చూసి నవ్వేది.

బిడ్డల నోటి పూతకు పూసే ఊదారంగు మందు ఒక్కటి ఆమెను ఓడించింది. ఆ మరక పడ్డ గుడ్డలు ఊదా చుక్కలతోనే ఉండిపోయాయి. ఆమె వాటిని వేరే కుప్ప పెట్టి, వాటి వంక చూడకుండా పనిచేసుకునేది.

ఉబ్బలో ఉడికిన గుడ్డను మూడు నీళ్లలో జాడించి, చివరి నీళ్లలో ఒక నిమ్మకాయ పిండేది. ఆ పైన గుడ్డ కొసను నాలుక్కి ఆనించి చూసేది. చౌడు కాస్త మిగిలినా బిడ్డ తొడలు ఒరుసుకుపోతాయని. ఈ పని చూసి ముక్కు మూసుకున్న నర్సులు ఉన్నారు. అయితే 1945లో ఊరంతా పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు మా ఇరవై ఆరుగురిలో అది ఒకరి నుంచి ఇంకొకరికి పాకలేదు. జబ్బు బిడ్డల గుడ్డల్ని విడిగా నానబెట్టి, విడిగా ఉబ్బ వేసిందే కారణమని కాంతమణి మా కమిటీ ముందు చెప్పింది. లచ్చమ్మ గుమ్మం బయట నిలబడి విన్నది.

1946లో యుద్ధం సామాన్లు అమ్మినప్పుడు నేను ప్యారాచూట్ గుడ్డ తెచ్చాను. పాలమీగడలాంటి తెలుపు, చెంపకు పెట్టుకుంటే జారిపోయేంత నునుపు. బిడ్డలకు ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. లచ్చమ్మ దాని కొస చేత్తో పట్టుకుంది. బొట్టు వేసింది. బొట్టు జారి నా చెప్పు మీద పడింది.

"ఇది ఆకాశంల నుంచి దుంకేటోళ్లకు సారు. పక్కల పోసేటోళ్లకు కాదు."

ఆ గుడ్డతో కిటికీ తెరలు కుట్టించాను. అవి ఇప్పటికీ బాగానే ఉన్నాయి. పొత్తిగుడ్డకు ఆమె ఎంచుకునేది ఒకటే, నాలుగేళ్లు ఉతుకులు తిన్న నూలు పంచె. పోగు మెత్తబడి, గంజి జాడ లేకుండా ఉండాలి. ఉన్ని గుడ్డ బిడ్డ కింద పరవడానికే, ఉబ్బకు పెడితే ముడుచుకుపోయి అట్ట అవుతుందని దాన్ని ఎన్నడూ బాన దగ్గరికి రానిచ్చేది కాదు.

ఇక ఈ ఏడు, అంటే 1948 సంగతి.

ఎండాకాలం నుంచే ఊళ్లో సరుకు రావడం తగ్గింది. సబ్బు దొరకదని నేను ముందే పసిగట్టి, మార్చిలోనే రెండు పెట్టెల బారు సబ్బు స్టోరులో చేర్చాను. అందరూ మెచ్చుకున్నారు. సెప్టెంబరు మొదటి వారానికి రజాకార్ల భయం, పుకార్లు ఎక్కువై చాకలివాళ్లు చెరువు రేవుకు పోవడం మానేశారు. మల్కాజ్‌గిరి అవతలి బీళ్లలో చౌడు తవ్వుకొచ్చే దారీ మూతపడింది. లచ్చమ్మ, ఆమె పెనిమిటి పర్వతాలు మా ఆవరణలోని పాకలోకి మారారు. ఇరవై రెండుమంది బిడ్డల గుడ్డలు ఇక మా బావి దగ్గరే ఉతకాలి. చౌడు లేదు, కట్టెలు వంటకే చాలవు. ఉన్నది నా సబ్బు.

ఆ వానలకు బావిలోకి ఎర్రమట్టి దిగింది. నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఉన్నాయి. ఇక్కడ నేను నా తెలివి చూపించాను. మా కాలువల దేశంలో బురదనీళ్లకు పటిక తిప్పని ఇల్లు లేదు. చిన్నప్పటి నుంచి నా చేతి పని అది. ఉతికే తొట్లు, జాడించే తొట్లు అన్నిటిలోనూ రోజూ పొద్దున్నే పటిక గడ్డ గిరగిర తిప్పేవాణ్ణి. బురద ఎక్కువగా ఉంటే పిడికెడు పొడి చల్లేవాణ్ణి. గంటలో అద్దంలాంటి నీళ్లు! కాంతమణి సంతోషించింది. లచ్చమ్మ వచ్చేసరికి తేటనీళ్లు సిద్ధంగా ఉండేవి.

పదమూడో తారీకున పోలీసు చర్య మొదలైంది. మేము కిటికీలకు దుప్పట్లు కట్టుకుని ప్రార్థనలు చేసుకున్నాం. పద్దెనిమిదికి సైన్యం ఊళ్లోకి వచ్చింది, అంతా సద్దుమణిగిందన్నారు. బయట జనం ఊపిరి పీల్చుకుంటున్న ఆ రోజుల్లోనే మా లోపలి గదిలో బిడ్డలకు ఒరుపు మొదలైంది.

ముందు సలోమికి. ఆ పిల్లను జులై వానల్లో ఎవరో మా గేటు దగ్గర వదిలి వెళ్లారు. నెలలు నిండని పుట్టుక. పిడికెడంత ఉండేది. లచ్చమ్మ ఆ పిల్లను చిట్టెలుక అని పిలిచేది. తొడల సందున ఎర్రబడింది, తర్వాత తోలు లేచింది, ఆ తర్వాత చీముపొక్కులు. కాంతమణి దగ్గర జింకు మలాము అయిపోయి ఆముదమే రాసింది. ఆసుపత్రి డాక్టరు చూసి, పొడిగా ఉంచండి, ఈ బిడ్డకు మొదటి మందు అదే, చీము లోపలికి దిగితే ఇంత చిన్న ప్రాణం తట్టుకోలేదు అన్నాడు.

పొడిగా ఎలా ఉంచడం? గుడ్డలు తడి పీల్చడం లేదు. తెల్లగానే ఉన్నాయి, మడతలు పెట్టి ఉన్నాయి, కానీ వేసిన బొట్టు ముత్యంలా నిలబడుతోంది. బిడ్డ పోసింది బిడ్డ ఒంటికే అంటుకుని ఉంటోంది. కాంతమణి సబ్బు బాగా పట్టించమంది. లచ్చమ్మ పట్టించింది. ఇంకా అధ్వాన్నమైంది. మళ్లీ పట్టించమంది.

లచ్చమ్మ ఒక రోజు తొట్టి దగ్గర నన్ను ఆపింది. గుడ్డను చెంపకు రాసుకుని, "గిది గుడారం బట్ట లెక్కయింది సారు. నీళ్లల్ల ఏమన్న కలుపుతున్నరా?" అని అడిగింది.

ఏమీ కలపడం లేదన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. మా వైపు పటిక తిప్పడాన్ని నీళ్లు తేర్చడం అంటాం, కలపడం అనం. పైగా నా నీళ్లకు వంక పెట్టిందని నాకు కోపం కూడా వచ్చింది. ఉతికే చేతుల్లో బలం తగ్గితే నీళ్లనేం అంటావు లచ్చమ్మా అన్నాను. ఆమె చేతులు చూసుకుంది.

ఇరవై ఐదో తారీకున సలోమి పుండ్లు చూసి కాంతమణి తట్టుకోలేకపోయింది. బిడ్డను చంపుతున్నావు, నీ పని ఇక చాలు అని లచ్చమ్మను అనేసింది. నేను అక్కడే ఉన్నాను. తాళాలు మొలన సర్దుకుంటూ నిలబడ్డాను. లచ్చమ్మ కొంగు దులుపుకుని, పాకలోంచి మూట తెచ్చుకుని, పర్వతాలును వెంటబెట్టుకుని గేటు దాటింది. వెళ్తూ సలోమి పడుకున్న కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. అంతే.

తర్వాత ఎవర్ని పిలిచినా రాలేదు. ఉన్న చాకలివాళ్లు పసిపిల్లల ముడ్డిగుడ్డలు మేము ఉతకం అన్నారు. ఆయాలు, నేను కలిసి ఉతికాం. నా పటికనీళ్లలోనే, నా సబ్బుతోనే. గుడ్డలు రేకుల్లా అయ్యాయి. అక్టోబరు మొదటి వారానికి ఇంకా ఐదుగురు బిడ్డలకు ఒరుపు.

తొమ్మిదో తారీకు శనివారం నా బావమరిది లూకా వచ్చాడు. యుద్ధకాలంలో తిరుమలగిరి పట్టాలాల దగ్గర గుడారాల గోదాములో పనిచేసిన మనిషి. భోజనం చేసి, చేతులు కడుక్కుని, దండెం మీద గుడ్డ అందుకుని తుడుచుకున్నాడు. చేతులు తడిగానే ఉన్నాయి. గుడ్డను దోసిలిలా పట్టుకుని చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు నిలిచాయి.

"ఇదేంటి బావా, పసిపిల్లలకు గుడారాలు కుడుతున్నావా?" అన్నాడు నవ్వుతూ. "మేము వాన దిగకుండా గుడారాలకు ఇదే చేసేవాళ్లం. ముందు సబ్బు నీళ్లలో ముంచడం, ఆ పైన పటిక నీళ్లలో. రెండూ కలిసి పోగు చుట్టూ మైనం పట్టినట్టు పడుతుంది. నీకెవరు నేర్పారు?"

లచ్చమ్మా పర్వతాలూ యుద్ధంలో గుడారాలు ఉతికిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చెంపకు రాసుకుని చెప్పిన మాట ఆ రోజు నా చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

కాంతమణికి చెప్పాను. చెప్పడానికి అరగంట పట్టింది.

"రోజూ మీరు పటిక తిప్పుతుంటే చూస్తూ నిలబడిందాన్ని నేనే కదండీ రత్నంగారూ," అంది. "తేటనీళ్లని మెచ్చుకున్నాను కూడా."

పటిక మానేశాం. కానీ పట్టింది వదలలేదు. ఉట్టినీళ్లలో ఉడికించి చూశాను. మైనం చెక్కుచెదరలేదు సరికదా, చన్నీళ్లలో పిండకుండా వేసినందుకు మరకలు గోధుమరంగుకు తిరిగి ఉడికిపోయాయి. మల్కాజ్‌గిరి అవతలికి స్వయంగా పోయి బస్తాడు చౌడు మోసుకొచ్చాను, ఈ వయసులో. తేట వంచుకోవాలన్న సంగతి తొందరలో మరిచి, మట్టితోనే బానలో వేశాను. గుడ్డలు ఎర్రగా, గరగరలాడుతూ వచ్చాయి. కాంతమణి వాటిని చేతిలోకి కూడా తీసుకోలేదు. నాలుగేళ్లు చూసిన పని ఇది. చూడడం వేరని అప్పుడు తెలిసింది.

నా పంచెలు చింపాను. పాతవి రెండే ఉన్నాయి. బొట్టు వేస్తే తాగాయి. సలోమికి అవే కట్టాం. కానీ ఆ పిల్లకు రోజుకు పదిహేను కావాలి, ముసురులో ఆరేవి ఏడో ఎనిమిదో. మిగతా బిడ్డలకు అవీ లేవు.

పదిహేడో తారీకు ఆదివారం ఆరాధన అయ్యాక భువనగిరి బండెక్కాను. స్టేషను నుంచి రెండు కోసుల నడక. లచ్చమ్మ చేరిన తల్లిగారి ఇల్లు అక్కడే. ఆమె వాకిట్లో పర్వతాలు కాలికి వెదురుబద్దలు కట్టుకుని మంచం మీద ఉన్నాడు. సెప్టెంబరు ఆఖర్న బండి మీంచి పడి కాలు విరిగిందట. కట్లు కట్టిన వైద్యుడు కదలనివ్వొద్దన్నాడట. లచ్చమ్మ నన్ను చూసి పీట వేసింది. నేను కూర్చోలేదు.

పటిక సంగతంతా చెప్పాను. నేనే వేశానని, నువ్వు అడిగినప్పుడు కాదన్నానని. సబ్బుతో కలిసి అది చేసిన పని లూకా చెప్పినట్టే చెప్పాను. ఆమె వింటూ గిన్నెలో జావ కలుపుతూనే ఉంది.

"నా చేతుల బలం తగ్గిందంటిరి గద సారు," అంది.

తప్పు నాదే అన్నాను. మంచం మీంచి పర్వతాలు నవ్వాడు. "మా ఆడామెకు గిట్ల చెప్పినోడు మీరొక్కరే అయ్యా. నేను ముప్పై ఏండ్ల నుంచి చెప్తలేను," అన్నాడు.

లచ్చమ్మ నవ్వలేదు. "చిట్టెలుక ఎట్లుంది?" అని అడిగింది.

జ్వరం వస్తోందని, పుండ్లలో ఒకటి లోతుగా దిగిందని చెప్పాను. నాతో ఇప్పుడే వచ్చెయ్యమని అడిగాను. ఆమె మొగుడి కాలి వంక చూసింది. ఆయన్ను లేపేదీ పడుకోబెట్టేదీ ఆమె ఒక్కతే. తల్లి చూపు లేని ముసలిది. నేను మళ్లీ అడగలేకపోయాను. నా ఇరవై రెండేళ్ల తాళాల గుత్తి ఆ వాకిట్లో ఎందుకూ కొరగాలేదు.

"గుడ్డలన్నిటినీ చింతపండు పులుసుల నానవెట్టుండ్రి," అంది. "రోజు నీళ్లు మార్చుండ్రి. సబ్బు ముట్టకుండ్రి, పొయ్యి మీద ఎక్కియ్యకుండ్రి. పులుపుకు పటిక జెర ఊడుతది, మిగిలిన జిడ్డును సౌడుతోని నేనొచ్చి ఉబ్బల దించుత. అప్పటిదాంక పిల్లకు పొద్దంత గుడ్డే కట్టకుండ్రి. గాలికి ఉంచుండ్రి. పక్క తడిస్తే తడవనీ."

ఎప్పుడొస్తావని అడిగాను. వైద్యుడు కట్లు విప్పే రోజు చెప్పింది. ఆ రోజు పొద్దున కట్లు విప్పించి, మధ్యాహ్నం బండికి చౌడు మూటతో ఎక్కుతానంది. నన్ను స్టేషను దారి దాకా సాగనంపింది.

ఇది రాస్తున్నది ఇరవై రెండో తారీకు, శుక్రవారం. నాలుగు తొట్లలో చింతపండు పులుసులో గుడ్డలు నానుతున్నాయి. రోజూ నీళ్లు మారుస్తున్నాను. నిన్న ఒకటి తీసి ఆరేసి బొట్టు వేశాను. బొట్టు కొంచెం పరుచుకుంది, కానీ లోపలికి పోలేదు. సలోమి కిటికీ పక్కన ఉన్ని ముక్క మీద ఒట్టి ఒంటితో పడుకుని ఉంది. నిన్నటి జ్వరం పొద్దున తగ్గి, మధ్యాహ్నానికి మళ్లీ వచ్చింది. డాక్టరు రేపు వస్తానన్నాడు. చీము ఎంతవరకు దిగిందో అప్పుడుగాని చెప్పలేనన్నాడు. కాంతమణి పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది. కట్టెలు రెండు మోపులు దొరికాయి, వాటిని తడవకుండా నా మంచం కింద పెట్టాను. చాకిబాన తోమించి బోర్లించాను. అంతకు మించి మా చేతుల్లో ఏమీ లేదు.

లచ్చమ్మ అక్టోబరు 30, శనివారం, మధ్యాహ్నం బండికి వస్తుంది.